కాలవలు కట్టేసే ముందు ట్రాన్స్‌మిటర్ రేంజ్ మార్చారు, అప్పట్నుంచి ట్యాంకు లెవెల్ హంటింగ్

తణుకు_ట్రైనీ
కాకినాడ వైపు ఒక నూనెల రిఫైనరీలో ఇన్‌స్ట్రుమెంట్ అప్రెంటిస్‌గా చేస్తున్నాను. మా సాఫ్ట్ వాటర్ ట్యాంకు లెవెల్ లూపు LIC-204 గురించి నా సందేహం. ట్యాంకు ఎత్తు 4 మీటర్లు, అడ్డం 2 మీటర్లు, పైన గాలికి తెరిచే ఉంటుంది. సాఫ్ట్‌నర్ నుంచి వచ్చే లైన్లో కంట్రోల్ వాల్వు ఉంది, లెవెల్ తగ్గితే అది తెరుచుకుంటుంది. కింద నుంచి పంపు బాయిలర్‌కీ, నూనె కడిగే సెక్షన్‌కీ నీళ్లు ఇస్తుంది.

ఏటా వేసవిలో ధవళేశ్వరం నుంచి కాలవలు కట్టేస్తారు కదా. అప్పుడు మాకు చెరువు నీళ్లే గతి, సాఫ్ట్‌నర్‌ని రీజనరేషన్‌కి ఎక్కువసార్లు ఆపాల్సి వస్తుంది. ఆపినప్పుడు ట్యాంకులో ఎంత నీరు మిగిలిందో తెరమీద కనిపించాలని మేనేజర్ గారు అడిగారు. పాత రేంజ్‌లో 1500 కంటే కిందికి పోతే సున్నా అనే చూపించేది. అందుకని మా టెక్నీషియన్ కమ్యూనికేటర్‌తో ట్రాన్స్‌మిటర్ రేంజ్ మార్చారు, పీఎల్‌సీలో స్కేలు కూడా మార్చారు.

```
పాతది:   LRV 1500   URV 2500   mmH2O
కొత్తది:  LRV    0   URV 4000   mmH2O
```

సెట్‌పాయింట్ అప్పుడూ 50 శాతం, ఇప్పుడూ 50 శాతం. రెండు రేంజ్‌ల్లోనూ అది 2000 ఎంఎమ్మే కాబట్టి ఎవరూ ఇంకేం ముట్టుకోలేదు. ఆ సాయంత్రం నుంచి నూనె సెక్షన్ వాళ్లు బ్యాచ్‌కి నీళ్లు లాగినప్పుడల్లా లెవెల్ 70 ఎంఎం దాకా కిందికి పోయి, మళ్లీ 2000 దాటి పైకి పోయి సర్దుకునేది. హంటింగ్ అవుతోందని షిఫ్ట్ ఇంజినీర్ గారు గెయిన్ 6 నుంచి 2కి తగ్గించారు. ఊపు 150కి పెరిగింది. నైట్ షిఫ్ట్ వాళ్లు 1 చేశారు. ఇప్పుడు 1750కీ 2250కీ మధ్య ఊగుతూనే ఉంది, ఒక చుట్టుకి అరగంట పైనే. ఇంటెగ్రల్ 2 నిమిషాలు, దాన్ని ఎవరూ మార్చలేదు.

ట్యాంకు అదే, వాల్వు అదే, నీళ్లు అవే, సెట్‌పాయింట్ అదే. మరి ఎందుకు ఊగుతోంది? గెయిన్ తగ్గిస్తే తగ్గాలి కదా, ఎందుకు పెరిగింది? అక్కడ అడిగితే "ముందు నువ్వు లాగ్‌షీట్ రాయి" అన్నారు.

రావులపాలెం_రెంచి
లాగ్‌షీట్ రాయమన్నారంటే వాళ్లకీ తెలీదని అర్థం తల్లీ. ఇరవయ్యేళ్లుగా చూస్తున్నా.

వాల్వు_వెంకట్
వాల్వు పట్టేస్తోంది, ఇందులో ఆలోచించేదేం లేదు. చెరువు నీళ్లు, ఉప్పు, ప్యాకింగ్ గట్టిపడిపోయి ఉంటుంది. మాన్యువల్‌లో పెట్టి ఒక్కో శాతం జరుపుతూ స్టెమ్ చూడు. జరగాల్సినప్పుడు జరక్కుండా ఉండి ఉన్నట్టుండి గెంతితే దొరికినట్టే.

బియ్యంమిల్లు_బాబాయ్
మా మిల్లులో ధాన్యం నానబెట్టే తొట్లకి పైన ఉన్న ట్యాంకు కూడా ఇంతేనండి, పొంగిపోవడమో ఖాళీ అయిపోవడమో. ప్లాస్టిక్ బంతి వాల్వు తీసేసి రాగి బంతిది వేయించాను, శుభ్రంగా ఉంది. ఇంత చిన్న పనికి కంప్యూటర్లు ఎందుకండీ?

రావులపాలెం_రెంచి
బాబాయ్, వాళ్ల ట్యాంకు పొంగట్లేదు, ఊగుతోంది. అయినా నీ రాగి బంతి సంగతి తర్వాత నాకు విడిగా చెప్పు, మా మేడమీద ట్యాంకుకి కావాలి.

మూడో_షిఫ్ట్
ఇది నాకు బాగా తెలిసిన కేసు. మా ప్లాంటులో ఒక చిన్న డ్రమ్ము లెవెల్ రేంజ్ 3000 నుంచి 500కి మార్చారు. మర్నాటికి వాల్వు పిచ్చెక్కినట్టు తెరుచుకోవడం మూసుకోవడం. స్పాన్ ఆరో వంతు అయింది కాబట్టి లూపు గెయిన్ ఆరు రెట్లు పెరిగింది. కంట్రోలర్ గెయిన్‌ని ఆరుతో భాగించాం, అంతే, పడుకుంది. రేంజ్ మారిస్తే గెయిన్ మార్చాలి, మీ వాళ్లు మరిచిపోయారు. గెయిన్ 1 అంటే ఇంకా ఎక్కువే, 0.3 పెట్టి చూడండి.

తణుకు_ట్రైనీ
@మూడో_షిఫ్ట్ 6 నుంచి 1కి తగ్గించేసరికే మూడు రెట్లకు పైగా పెరిగిందండి. 0.3 పెట్టమంటే ఇంజినీర్ గారు నన్ను గేటు బయట పెడతారు.

మూడో_షిఫ్ట్
అయితే ఇంకేదో ఉంది. కానీ రేంజ్ మారిస్తే గెయిన్ మారుతుందన్న మాట మాత్రం ఖాయం.

పాత_రికార్డర్
మూడో షిఫ్ట్ చెప్పిన సూత్రం నిజమే, దిక్కే తారుమారైంది. మీ డ్రమ్ములో స్పాన్ తగ్గింది. ఈ అమ్మాయి ట్యాంకులో స్పాన్ 1000 నుంచి 4000కి పెరిగింది. కంట్రోలర్‌కి మిల్లీమీటర్లు తెలీవు, దానికి వచ్చేది కరెంటే. పాత రేంజ్‌లో లెవెల్ 100 ఎంఎం తగ్గితే ట్రాన్స్‌మిటర్ కరెంటు 1.6 మిల్లీ ఆంప్స్ తగ్గేది. ఇప్పుడు అదే 100 ఎంఎమ్‌కి 0.4 మాత్రమే తగ్గుతుంది. అంటే ట్యాంకులో ఏం జరిగినా కంట్రోలర్‌కి నాలుగో వంతే వినిపిస్తోంది. గెయిన్ 6 అని తెరమీద ఉన్నా, పాత లెక్కలో అది 1.5 అయిపోయింది, ఎవరూ వేలు పెట్టకుండానే. దాన్ని 2 చేశారు, పాత లెక్కలో 0.5. తర్వాత 1 చేశారు, పాతిక పైసలు.

అందుకని మీ ఇంజినీర్ గారి మందు రోగానికి వ్యతిరేకం కాదు, రోగాన్నే ఇంకో రెండు డోసులు వేసినట్టు.

వాల్వు_వెంకట్
మాస్టారూ, గెయిన్ తక్కువైతే లూపు మొద్దుగా ఉంటుంది, ఊగదు. చిన్నప్పట్నుంచి చదువుకున్నది అదే.

పాత_రికార్డర్
ఫ్లో లూపులో, ప్రెషర్ లూపులో నువ్వు చెప్పింది నిజం వెంకట్. ట్యాంకు వేరు. ఫ్లో లైన్లో వాల్వు కొంచెం తెరిస్తే ఫ్లో కొంచెం పెరిగి అక్కడ ఆగుతుంది. ట్యాంకులో వాల్వు కొంచెం ఎక్కువ తెరిచి వదిలేస్తే లెవెల్ ఆగదు, పొంగే దాకా ఎక్కుతూనే ఉంటుంది. ట్యాంకు తేడాని పోగు చేసుకుంటుంది. కంట్రోలర్‌లో ఇంటెగ్రల్ చేసే పనీ అదే, తప్పుని పోగు చేసుకుంటూ పోవడం. పోగు చేసేవి రెండు ఒకదాని వెనక ఒకటి ఉంటే వాటంతట అవి ఊగుతూనే ఉంటాయి. ఆ ఊపుని పట్టి ఆపేది గెయిన్ ఒక్కటే.

కాలవ మీద లస్కరుని ఊహించుకోండి. కొలబద్ద మీద గుర్తుకి నీరు తక్కువ ఉన్నంతసేపూ గంటకో మెట్టు చొప్పున తలుపు లేపుతూనే ఉంటాడు. నీరు గుర్తు దగ్గరికి వచ్చేసరికి తలుపు అవసరానికి మించి లేచి ఉంటుంది, నీరు గుర్తు దాటిపోతుంది. అప్పుడు దింపడం మొదలెడతాడు, మళ్లీ అవసరానికి మించి దింపుతాడు. అది ఒట్టి ఇంటెగ్రల్. అనుభవం ఉన్న లస్కరు నీరు ఎక్కడం చూడగానే, గుర్తుకి చేరకముందే తలుపు కాస్త దింపుతాడు. అది గెయిన్ చేసే పని. మీరు ఆ అనుభవాన్ని మూడు విడతల్లో తీసేశారు.

రావులపాలెం_రెంచి
మా మావయ్య లస్కరుగానే రిటైర్ అయ్యాడు. ఆయన ఇది చదివితే ఊరంతా పంచుతాడు.

తణుకు_ట్రైనీ
గెయిన్ తగ్గిస్తే ఇంటెగ్రల్ పని కూడా తగ్గుతుంది కదండీ? మా పీఎల్‌సీలో గెయిన్ రెండిటినీ గుణిస్తుందని మాన్యువల్‌లో ఉంది. రెండూ సమానంగా తగ్గితే పోలిక మారకూడదు కదా.

పాత_రికార్డర్
మంచి ప్రశ్న. రెండూ తగ్గుతాయి. కానీ గెయిన్ తగ్గితే ఊపు కూడా నెమ్మదిస్తుంది, ఒక్కో చుట్టుకి ఎక్కువసేపు పడుతుంది. లెవెల్ సెట్‌పాయింట్‌కి ఒకే పక్క ఎక్కువసేపు ఉంటే ఇంటెగ్రల్ అంత ఎక్కువ పోగు చేస్తుంది. అందుకని చివరికి ఇంటెగ్రల్ వాటాయే పెద్దదవుతుంది. నీ పోస్టులోనే సాక్ష్యం ఉంది: గెయిన్ తగ్గించిన కొద్దీ ఊపు పెరిగింది, ఇప్పుడు చుట్టు అరగంట దాటింది. గెయిన్ ఎక్కువై ఊగే లూపులో గెయిన్ తగ్గిస్తే ఊపు చిన్నదవుతుంది. ట్యాంకు లెవెల్లో చుట్టు పొడుగవుతూ ఊపు కూడా పెద్దదవుతుంటే ఇంటెగ్రల్ మీదే అనుమానం పెట్టుకోవాలి.

మూడో షిఫ్ట్ గారి డ్రమ్ము ఎంతసేపటికి ఒకసారి ఊగేదో అడగండి.

మూడో_షిఫ్ట్
సెకన్లలోనండి. వాల్వు స్టెమ్ కళ్లముందే ఆడేది, ఎయిర్ చప్పుడు కంట్రోల్ రూమ్‌కి వినిపించేది.

పాత_రికార్డర్
చూశారా. అది వాల్వు, డ్యాంపింగ్, గాలి పైపుల ఆలస్యం వల్ల వచ్చే ఊపు, గెయిన్ మరీ ఎక్కువైతే వస్తుంది. ఇది అరగంట ఊపు. రెండిటినీ హంటింగ్ అనే పిలుస్తారు, మందు మాత్రం ఎదురెదురు.

ఈఅండ్‌ఐ_సుజాత
అమ్మాయ్, దీనికంటే ముందు ఇంకోటి చూడు. అలారాలూ ట్రిప్పులూ పీఎల్‌సీలో శాతంలో ఉన్నాయా, మిల్లీమీటర్లలో ఉన్నాయా? శాతంలో ఉంటే రేంజ్‌తో పాటు అవీ జరిగిపోయాయి. పంపు ట్రిప్పు 5 శాతం అని ఉందనుకో, పాత రేంజ్‌లో అది 1550 ఎంఎం, ఇప్పుడు 200 ఎంఎం.

తణుకు_ట్రైనీ
అయ్య బాబోయ్. శాతంలోనే ఉన్నాయి మేడం. లో అలారం 20, పంపు ట్రిప్పు 5. డ్రాయింగ్ చూశాను, పంపు సక్షన్ నాజిల్ పై అంచు ట్రాన్స్‌మిటర్ ట్యాపింగ్ నుంచి 300 ఎంఎం ఎత్తులో ఉంది. అంటే ట్రిప్పు అయ్యేలోపే పంపు గాలి పీల్చుకుంటుంది.

ఈఅండ్‌ఐ_సుజాత
ఇప్పుడే వెళ్లి షిఫ్ట్ ఇంజినీర్‌కి చెప్పు, రాతపూర్వకంగా. లూపు ఊగితే నూనె సెక్షన్ వాళ్లు తిడతారు. పంపు సీలు కాలిపోతే బాయిలర్ ఆగుతుంది. ట్రిప్పు సెట్టింగ్ మార్చడం అప్రెంటిస్ పని కాదు, నువ్వు ముట్టుకోకు.

తణుకు_ట్రైనీ
చెప్పాను. ఆయన మొహం మారిపోయింది. ట్రిప్పు 39 శాతం చేశారు, అది 1560 ఎంఎం అవుతుంది. లో అలారం 43 శాతం. ఎందుకో నా లాగ్‌షీట్ మీద సంతకం కూడా పెట్టారు.

బియ్యంమిల్లు_బాబాయ్
అమ్మాయ్, సంతకం పెట్టారంటే నీకు ఉద్యోగం ఖాయమైనట్టే.

వాల్వు_వెంకట్
ట్రిప్పు అంత పైన పెడితే మేనేజర్ గారికి కింద నీళ్లు కనపడితే ఏం లాభం? వాడుకోడానికి ఉండవు కదా.

ఈఅండ్‌ఐ_సుజాత
అది వాళ్లు కూర్చుని నిర్ణయించుకోవాల్సిన విషయం. ముందు పాత స్థితికి తెచ్చారు, అది సరైన పని. తర్వాత నాజిల్ ఎత్తు, పంపు అవసరం చూసి ఎంత దించాలో తేల్చుకుంటారు.

పాత_రికార్డర్
సుజాత గారు చెప్పింది నేను ముందే చెప్పాల్సిన మాట. సరే, ఇప్పుడు లూపు. అమ్మాయ్, అనుమతి తీసుకుని ఒక పరీక్ష చెయ్యి. నూనె సెక్షన్ వాళ్లు నీళ్లు లాగని సమయం చూసి లూపుని మాన్యువల్‌లో పెట్టు. లెవెల్ దాదాపు నిలకడగా ఉండేలా వాల్వుని సర్దు. తర్వాత 5 శాతం ఎక్కువ తెరిచి, నిమిషానికి లెవెల్ ఎంత పెరుగుతోందో రాసుకో. ఐదు నిమిషాలు చాలు, తర్వాత వెనక్కి తెచ్చెయ్.

తణుకు_ట్రైనీ
చేశాను, షిఫ్ట్ ఇంజినీర్ గారు పక్కనే నిలబడ్డారు. మాన్యువల్‌లో పెట్టగానే ఊగడం ఆగిపోయింది, మెల్లగా ఒక పక్కకి జారింది అంతే. 5 శాతం తెరిస్తే ఐదు నిమిషాల్లో 80 ఎంఎం పెరిగింది. తెరమీద 50 నుంచి 52 శాతం.

వెంకట్ గారు చెప్పినట్టు ఒక్కో శాతం జరిపి స్టెమ్ కూడా చూశాను. మొదటి శాతానికి కదల్లేదు, రెండో శాతానికి కదిలింది.

వాల్వు_వెంకట్
చెప్పానా.

పాత_రికార్డర్
చెప్పావు, ఉంది. కానీ ఒక శాతం పట్టుకునే వాల్వు 250 ఎంఎం ఊపుని పుట్టించదు. అదే వాల్వు పాత రేంజ్‌లో బాగానే పనిచేసింది కదా. దాని సంగతి తర్వాత.

లెక్క చూద్దాం. 5 శాతానికి నిమిషానికి 16 ఎంఎం, అంటే ఒక శాతానికి 3.2 ఎంఎం. ఇది ట్యాంకు స్వభావం, రేంజ్‌తో మారదు. కంట్రోలర్‌కి కనిపించేది మాత్రం మారుతుంది: 1000 స్పాన్‌లో నిమిషానికి 0.32 శాతం, 4000 స్పాన్‌లో 0.08 శాతం. ఇప్పుడు మూడు అంకెలు గుణించు: గెయిన్, ఈ వేగం, ఇంటెగ్రల్ నిమిషాలు. లబ్ధం 4 దగ్గరో పైనో ఉంటే లూపు ఊగకుండా వచ్చి కూర్చుంటుంది. తగ్గిన కొద్దీ ఊగుతుంది.

```
పాతది:              6 × 0.32 × 2 = 3.84
రేంజ్ మార్చాక:       6 × 0.08 × 2 = 0.96
గెయిన్ 2 చేశాక:      2 × 0.08 × 2 = 0.32
గెయిన్ 1 చేశాక:      1 × 0.08 × 2 = 0.16
```

పాతది పెట్టినవాడెవరో పని తెలిసినవాడే, సరిగ్గా అంచు మీద పెట్టాడు. 0.16 దగ్గర ఈ ట్యాంకు సహజంగా 32 నిమిషాలకో చుట్టు తిరుగుతుంది. నూనె సెక్షన్ వాళ్లు ఎంతసేపటికోసారి బ్యాచ్‌కి నీళ్లు లాగుతారు?

తణుకు_ట్రైనీ
దాదాపు అరగంటకోసారి!

పాత_రికార్డర్
అదీ సంగతి. ఒక ఊపు ఆగేలోపే తర్వాతి బ్యాచ్ వచ్చి అదే వేళకి మళ్లీ తోస్తోంది. గెయిన్ 6 ఉన్నప్పుడు చుట్టు పావుగంటే, తర్వాతి బ్యాచ్ వచ్చేసరికి సర్దుకునేది. అందుకే మొదట్లో ఒకసారి ఊగి ఆగింది, తర్వాత ఆగడమే లేదు.

మూడో_షిఫ్ట్
అయితే గెయిన్ 24 పెట్టాలి. నాలుగు రెట్లు స్పాన్, నాలుగు రెట్లు గెయిన్. నా సూత్రమే, దిక్కు మార్చి.

రావులపాలెం_రెంచి
24 అని తెరమీద చూస్తే ఏ ఇంజినీరైనా కుర్చీలోంచి లేస్తాడు.

పాత_రికార్డర్
లేవక్కర్లేదు. గెయిన్ 24, స్పాన్ 4000 అంటే లెవెల్ 167 ఎంఎం తప్పితే వాల్వు పూర్తిగా జరుగుతుంది. పాత గెయిన్ 6, స్పాన్ 1000కి కూడా సరిగ్గా 167 ఎంఎమ్మే. అంకె కొత్తది, ప్రవర్తన పాతదే.

అయినా పాతదే కావాలా అని అడగాలి. ఈ లూపుకి ఇంకో రెండు దారులున్నాయి. గెయిన్ 6కి తెచ్చి ఇంటెగ్రల్‌ని 8 నిమిషాలు చెయ్యొచ్చు, లబ్ధం అదే 3.84. లేదా గెయిన్ 12, ఇంటెగ్రల్ 4, అదీ 3.84. మూడూ ఊగవు. తేడా ఏంటంటే బ్యాచ్ వాళ్లు గంటకి 12 ఘనపు మీటర్లు ఒక్కసారి లాగితే మొదటి దాంట్లో లెవెల్ సుమారు 25 ఎంఎం దిగుతుంది, గెయిన్ 12తో 50, గెయిన్ 6తో 100. నీళ్ల ట్యాంకు లెవెల్ 100 ఎంఎం దిగితే ఎవరికి నష్టం? వాల్వు మెల్లగా కదులుతుంది, సాఫ్ట్‌నర్ మీద ఫ్లో ఎగుడుదిగుడు తగ్గుతుంది. నేనైతే 6, 8 పెడతాను.

ఈఅండ్‌ఐ_సుజాత
నేను 12, 4 వైపు. ఇప్పుడు లో అలారం 1720లో ఉంది. కాలవలు కట్టేసిన రోజుల్లో పెద్ద బ్యాచ్‌లు రెండు కలిసి వస్తే 100 కాస్తా 200 అవుతుంది, అలారం దగ్గరదాకా పోతుంది. రాత్రిపూట ఆపరేటర్లకి అనవసరంగా టెన్షన్.

ఇంకో మాట. ఇదంతా పీఎల్‌సీ గెయిన్‌ని శాతానికి శాతం లెక్కలో తీసుకుంటేనే. కొన్ని పీఎల్‌సీల్లో గెయిన్ నేరుగా ఇంజినీరింగ్ యూనిట్ల మీద పనిచేస్తుంది, అక్కడ స్కేలు సరిగ్గా మారిస్తే గెయిన్ ముట్టుకోనక్కర్లేదు. పైగా ఇంటెగ్రల్‌ని సెకన్లలో అడుగుతుందో, నిమిషాల్లో అడుగుతుందో, నిమిషానికి ఎన్ని రిపీట్లు అని అడుగుతుందో చూసుకోవాలి. 4 అని కొట్టి అది రిపీట్లయితే ఇంటెగ్రల్ పావు నిమిషం అవుతుంది, మళ్లీ మొదటికొస్తుంది.

మూడో_షిఫ్ట్
ఇది మా దగ్గర జరిగింది. ఎవరు చేశారో చెప్పను.

తణుకు_ట్రైనీ
మాది శాతానికి శాతమే, ఇంటెగ్రల్ నిమిషాల్లోనే. కంట్రోలర్ బ్లాక్ హెల్ప్‌లో చూసి రూఢి చేసుకున్నాను. ఇంజినీర్ గారు 12, 4 పెట్టారు, సుజాత మేడం చెప్పిన కారణమే ఆయనా చెప్పారు. తర్వాతి బ్యాచ్‌కి లెవెల్ రెండు నిమిషాల్లో 1950 దాకా దిగి, పది పన్నెండు నిమిషాల్లో 2000కి వచ్చి కూర్చుంది. పైకి దాటలేదు. ఆ ట్రెండ్ ప్రింటు తీసి బల్ల అద్దం కింద పెట్టుకున్నారు, నేను కాదు, ఆయనే.

కానీ పూర్తిగా నిలబడట్లేదు. బ్యాచ్ లేనప్పుడు కూడా ఒక 10 ఎంఎం అటూ ఇటూ కదులుతోంది. వాల్వు అవుట్‌పుట్ రంపం పళ్లలా కనిపిస్తోంది.

వాల్వు_వెంకట్
ఇప్పుడు నా వంతు. అది ప్యాకింగే. ఇంటెగ్రల్ ఉన్నంతకాలం పట్టేసే వాల్వు అలా కదులుతూనే ఉంటుంది, ఏ ట్యూనింగూ దాన్ని ఆపదు. షట్‌డౌన్‌లో ప్యాకింగ్ మార్చి, పొజిషనర్ లింకేజీ బిగువు చూడమను.

పాత_రికార్డర్
ఒప్పుకుంటాను. 10 ఎంఎం అంటే కొత్త స్కేలు మీద పావు శాతం, షట్‌డౌన్ దాకా ఆగొచ్చు.

బియ్యంమిల్లు_బాబాయ్
రాగి బంతి అయితే ప్యాకింగే ఉండదండి. ఊరికే చెప్తున్నాను.

తణుకు_ట్రైనీ
ఇంకోటి మిగిలింది. నిన్న సాఫ్ట్‌నర్‌ని రీజనరేషన్‌కి ఆపారు. ఇన్‌లెట్‌లో నీళ్లు లేవు, లెవెల్ 1750కి దిగింది, వాల్వు 100 శాతం తెరిచి కూర్చుంది. సాఫ్ట్‌నర్ మళ్లీ కలిపాక లెవెల్ 2000 దాటి 2300 దాకా పోయి వచ్చింది. ఇది కూడా గెయిన్ వల్లేనా?

మూడో_షిఫ్ట్
కాదు, అది ఇంటెగ్రల్ పోగుపడటం. వాల్వు పూర్తిగా తెరిచినా నీళ్లు రాకపోతే కంట్రోలర్‌కి ఏం తెలుస్తుంది? పోగు చేస్తూనే ఉంటుంది. ఈ విషయంలో నాది ఖాయం.

ఈఅండ్‌ఐ_సుజాత
చాలా బ్లాకులు అవుట్‌పుట్ 100 దగ్గర ఆగగానే పోగు చేయడం ఆపేస్తాయి. ఇక్కడ ఆపుతోందో లేదో తెలియాలి. ఆపినా కొంత దాటడం మామూలే, ఎందుకంటే అది 100 దగ్గర్నుంచే దిగడం మొదలుపెట్టాలి.

పాత_రికార్డర్
సులువైన దారి: రీజనరేషన్‌కి ఆపే ముందు ఆపరేటర్ లూపుని మాన్యువల్‌లో పెట్టి, వాల్వుని మామూలుగా ఉండే చోట వదిలెయ్యడం. కలిపాక ఆటోలో పెట్టడం.

మూడో_షిఫ్ట్
ఆపరేటర్లు మాన్యువల్‌లో పెడతారు మాస్టారూ. ఆటోలో మళ్లీ పెట్టడం మర్చిపోతారు, అప్పుడు ట్యాంకు పొంగుతుంది. సాఫ్ట్‌నర్ రీజనరేషన్ సిగ్నల్‌తో పీఎల్‌సీయే ఇంటెగ్రల్‌ని ఆపాలి.

తణుకు_ట్రైనీ
సాఫ్ట్‌నర్ ప్యానెల్ వేరే కంపెనీది, దాని నుంచి మా పీఎల్‌సీకి సిగ్నల్ వైరు లేదు. ఇంజినీర్ గారు కేబుల్ ట్రేలో ఖాళీ జత ఉందేమో చూడమన్నారు. రేపు ప్యానెల్ వెనక తలుపు తీసి చూస్తాను.

రావులపాలెం_రెంచి
తీసే ముందు పర్మిట్ రాయించుకో. ఆ ప్యానెల్లో బల్లులుంటాయి, మా దగ్గరైతే ఉన్నాయి.